పైపు వాలు గ్రాఫ్ కాగితం మీద

ఆడియోలో అంకెలు వింటే బొమ్మ కళ్ళకి కట్టదు కాబట్టి, ఆ లెక్క ఇక్కడ రాసి పెడుతున్నా.

జుబైల్‌లో మేం వేసే మురుగు పైపే అనుకోండి. మొదటి మ్యాన్‌హోల్ దగ్గర పైపు అడుగు మట్టం 2.40 మీటర్లు. అక్కణ్ణుంచి 100 మీటర్లకి ఒక మీటరు చొప్పున దిగాలి. x దూరం, y మట్టం:

y = 2.40 − 0.01x

ముందు టేబుల్ వేయాలి. x కి విలువ ఇచ్చి y కట్టాలి.

| x | 0 | 20 | 40 | 60 |
|---|---|---|---|---|
| y | 2.40 | 2.20 | 2.00 | 1.80 |

గీతకి రెండు చుక్కలు చాలు. కానీ రెండే పెడితే తప్పు లెక్క కూడా తిన్నగానే కనిపిస్తుంది. నాలుగు పెడితే, తప్పిన చుక్క స్కేలుకి పక్కన నిలబడి పట్టిచ్చేస్తుంది.

x సున్నా దగ్గర గీత నిలువు అక్షాన్ని తాకేది 2.40 వద్ద. అదే అంతరఖండం, మన మొదటి మట్టం. ఇక వాలు: 60 మీటర్లు వెళ్తే y 0.60 తగ్గింది, అంటే −0.60 ÷ 60 = −0.01. మైనస్ ఉంటే గీత దిగుతున్నట్టు.

వాలుని కంటితో చూసి చెప్పకండి. అడ్డంగా సెంటీమీటరుకి 10 మీటర్లు, నిలువుగా 0.20 మీటరు తీసుకుంటే గీత కొండలా దిగుతుంది. అక్షాల మీది అంకెలే చదవాలి.

నేను ఒకసారి కాగితం చాలక అడ్డం అక్షాన్ని 20 నుంచి మొదలుపెట్టా. ఎడమ అంచున 2.20 కనిపిస్తే, మొదటి మట్టం అదే అని కుర్రాళ్ళకి చెప్పేశా. మ్యాన్‌హోల్ దగ్గర 20 సెంటీమీటర్లు ఎక్కువ తవ్వేశారు. మట్టి నింపి మళ్ళీ కుదించాల్సొచ్చింది. అంచు కాదు, x సున్నా ఎక్కడుందో చూడండి.