డబ్బా తిప్పి చూస్తే

మా పక్కింటి అమ్మాయి మొన్న సాయంత్రం రెండు పాలపొడి డబ్బాలు, ఒక ప్యాకెట్ పాలు తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, బాబుకి రెండేళ్లు నిండాయి. వీటిలో ఏది పట్టమంటావు?" అంది. ఒక డబ్బా మీద పెద్దగా 4 అంకె ఉంది, బొమ్మలేమీ లేవు. రెండో దాని మీద గంతులేస్తున్న సింహం పిల్ల, చాక్లెట్ రుచి, ఎత్తు పెరుగుతారన్న మాట.

ఆ బొమ్మ తేడా కంపెనీ అభిరుచి అనుకునేరు, అది చట్టం గీసిన గీత. శిశువుల పాలపొడి మీద 1992లో వచ్చిన చట్టాన్ని 2003లో సవరించారు. దాని ప్రకారం రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ వేయకూడదు, తల్లిపాలే మేలన్న మాట తప్పక రాయాలి. అంకెల డబ్బాలన్నీ ఈ గీతకు ఇవతలివే. ఒకటో నంబరు పుట్టినప్పటి నుంచి, రెండు ఆరో నెల దాటాక, మూడు, నాలుగు ఏడాది దాటిన పిల్లలకు. రెండేళ్లు దాటిన పిల్లలకంటూ అమ్మే పొడి గీత అవతలిది కాబట్టి, సింహం పిల్ల టీవీలో కూడా గంతులేయగలదు.

ఏడాదిలోపు తల్లిపాలు చాలకపోతే డాక్టరు చెప్పే ఫార్ములాకు పని ఉంది. మామూలు పాలలో ఇనుము దాదాపు లేనట్టే, మాంసకృత్తులూ లవణాలూ పసి మూత్రపిండాలకు ఎక్కువ. ఏడాది నిండి, బిడ్డ ఇంటి అన్నం తింటున్నప్పుడు లెక్క మారుతుంది. ఏడాది నుంచి రెండేళ్ల దాకా తల్లిపాలకు తోడు మామూలు పాలు చాలు, ఫాలో ఆన్ ఫార్ములా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే పాలు పడని బిడ్డకో, బరువు పెరగని బిడ్డకో డాక్టరు రాసిన డబ్బా ఉంటే, ఆయన్ని అడగకుండా మానకూడదు.

ఇక సింహం పిల్ల డబ్బా సంగతి. ఈ రకం పొడి లేబుల్ ఎలా చదవాలో ఒక లెక్క వేద్దాం. పోషకాల పట్టికలో సాధారణంగా రెండు వరసలుంటాయి: 100 గ్రాముల పొడికి ఒకటి, పాలలో కలిపిన గ్లాసుకు ఒకటి. ముందువైపు పెద్ద అక్షరాల్లో కనిపించేది రెండోదే. 30 గ్రాముల పొడి, 200 మి.లీ. పాలు కలిపితే మాంసకృత్తులు 10.9 గ్రాములని రాసి ఉందనుకోండి. ఆ 200 మి.లీ. పాలలోనే సుమారు 6.4 గ్రాములుంటాయి. అంటే పొడి తెచ్చింది నాలుగున్నర గ్రాములే. కాల్షియం కూడా అంతే, గ్లాసు పాలే సుమారు 240 మి.గ్రా. ఇస్తాయి. పాల వాటా తీసేసి చూస్తే డబ్బా సొంత సంపాదన ఎంతో తేలుతుంది.

ఇప్పుడు "యాడెడ్ షుగర్" గడి చూడండి. 100 గ్రాముల పొడిలో 24 గ్రాములుంటే 30 గ్రాములకు 7.2 గ్రాములు, దగ్గర దగ్గర రెండు చెంచాల పంచదార. రోజుకు రెండు గ్లాసులైతే నాలుగు చెంచాలకు కాస్త తక్కువ. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ ఇందులోకి రాదు, దానికి భయపడక్కర్లేదు. పక్కనే రోజువారీ అవసరంలో ఇంత శాతమని ఉంటే, ఎవరి రోజో చూడండి. చాలా ప్యాకెట్ల మీద అది 2,000 కేలరీలు తినే పెద్దవాళ్ల లెక్క. మన బుడతడు అందులో సగం కాస్త దాటి తింటాడు.

పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నదే ముందుంటుంది. మొదటి మూడు పేర్లలో పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్‌లాంటివి ఉంటే అది పాలకన్నా తీపికి దగ్గరి సరుకు. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి పదార్థం కింద లెక్కకొస్తుంది కాబట్టి షుగర్ గడిలో కనిపించకపోవచ్చు, పొట్టలోకి వెళ్లాక మాత్రం త్వరగా గ్లూకోజే అవుతుంది.

పొడిలో కలిపే ఇనుము, విటమిన్లు అబద్ధం కాదు. కానీ ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో రోజుకు కావలసిన ఇనుము 8 మి.గ్రా. అది పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం నుంచి రావచ్చు, పంచదార లేకుండా.

మామూలు పాలకూ ఒక హద్దుంది. రోజుకు అరలీటరు దాటితే పొట్ట నిండిపోయి అన్నం ముద్ద తోసేస్తారు, ఇనుము తగ్గుతుంది. పిల్లాడు పాలిపోయి, నీరసంగా, మలబద్ధకంతో ఉంటే రక్తపరీక్ష చేయించాలి. ప్యాకెట్ ఎంచుకునేటప్పుడు 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలో, అంతకన్నా చిక్కనివో తీసుకోవచ్చు. ఒకటిన్నర శాతం డబుల్ టోన్డ్ ఈ వయసుకు పలుచన.

అంతా విని ఆ అమ్మాయి అంకె డబ్బా మూత తీసి చూసింది. సగం ఉంది. "తెరిచి ఎన్నాళ్లయింది?" అన్నాను. తెరిచాక నెలలోపు వాడాలని పక్కన సన్న అక్షరాల్లో ఉంది. తెరిచిన తేదీ ఎవరూ రాసుకోలేదు.