రివర్స్ మార్ట్‌గేజ్: అమ్మానాన్నలకు నెలనెలా ఎంత, పిల్లలకు చివరికి ఎంత

రాజమహేంద్రవరంలో ఒక జంట ఉందనుకుందాం. ఆయనకు 70 ఏళ్లు, ఆవిడకు 66. ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కాబట్టి పెన్షను లేదు. బ్యాంకులో వేసుకున్న డబ్బు మీద వచ్చే వడ్డీ మందులకే సరిపోతోంది. కానీ ఉంటున్న ఇల్లు సొంతం, దాని విలువ 60 లక్షలు. కొడుకు డాలస్‌లో, కూతురు విశాఖలో ఉంటారు. అడిగితే ఇద్దరూ పంపుతారు. నెలనెలా అడగడమే వీళ్లకు మనసొప్పదు. ఇల్లు అమ్ముకుని అద్దెకు పోవడం అసలే ఇష్టం లేదు.

చేతిలో ఆస్తి ఉండి డబ్బు లేని ఇలాంటి వాళ్ల కోసమే 2007-08 కేంద్ర బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం రివర్స్ మార్ట్‌గేజ్ పథకాన్ని ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ అదే ఏడాది మార్గదర్శకాలు ఇచ్చింది. దరఖాస్తుదారుకు 60 ఏళ్లు నిండాలి. జంటగా తీసుకుంటే రెండోవారికి కనీసం 55 ఉండాలి. ఇల్లు స్వార్జితమై ఉండాలి, వాళ్లు అందులోనే కాపురముండాలి. తాతల నాటి ఇల్లయితే కుదరదు. అలాంటి ఇంట్లో కొడుకులకే కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 చట్టసవరణ, దేశమంతటికీ వర్తించే 2005 సవరణల వల్ల కూతుళ్లకూ పుట్టుకతోనే వాటా వస్తుంది. వాళ్ల వాటాను తండ్రి ఒక్కడే తాకట్టు పెట్టలేడు.

ఇంటి మీద బ్యాంకు నెలనెలా డబ్బిస్తుందనగానే చాలామంది మనసులో ఒక లెక్క వేసుకుంటారు. 60 లక్షలను పదిహేనేళ్లకు పంచితే నెలకు 33 వేలు. బ్యాంకు మేనేజరు పదిన్నర వేలు అనగానే మోసమేమో అనిపిస్తుంది. మోసం కాదు. ఇది అప్పు, దాని మీద చక్రవడ్డీ నడుస్తుంది. అందుకే బ్యాంకు లెక్కను చివరి నుంచి మొదలుపెడుతుంది.

ఇంటి విలువలో కొంత భాగాన్ని, ఉదాహరణకు 80 శాతాన్ని, గడువు ముగిసేనాటికి అసలూ వడ్డీ కలిసి చేరగల గరిష్ఠ మొత్తంగా పెట్టుకుంటుంది. మన జంట విషయంలో అది 48 లక్షలు. వడ్డీ 11 శాతం, గడువు 15 ఏళ్లు అనుకుంటే, నెలకు ఎంత ఇస్తూ పోతే ఆఖరికి 48 లక్షలవుతుందో చూస్తారు. అలా తేలేది సుమారు రూ.10,550. పదిహేనేళ్లలో వాళ్ల చేతికి వచ్చేది 19 లక్షలు, మిగతా 29 లక్షలు వడ్డీ. గడువు పదేళ్లకు తగ్గిస్తే నెలకు రూ.22 వేలు దాటుతుంది. మార్గదర్శకాలు అనుమతించే గరిష్ఠ గడువు 20 ఏళ్లకు పెంచితే అయిదున్నర వేలకు పడిపోతుంది.

అరవై నిండగానే ఈ అప్పుకు తొందరపడటం నా దృష్టిలో సరికాదు. ఆ వయసులో ఆయుష్షును నమ్మి ఇరవై ఏళ్ల గడువు పెట్టుకుంటే వచ్చేది చిల్లర ఖర్చులకే. పదేళ్లు పెట్టుకుంటే డబ్బు బాగానే వస్తుంది గానీ, డెబ్భై ఏళ్లకు, అసలు అవసరం మొదలయ్యే వేళకు ఆగిపోతుంది. డెబ్భై దాటాక, ఉన్న డిపాజిట్లు కొంత వాడుకున్నాక దీని వైపు చూస్తే ఉపయోగం ఎక్కువ.

నెలనెలా ఇచ్చే మొత్తానికి మార్గదర్శకాల్లో రూ.50 వేల పరిమితి ఉంది. ఆపరేషన్ లాంటి వైద్య అవసరానికైతే అర్హత ఉన్న అప్పులో సగం దాకా, 15 లక్షలు మించకుండా ఒకేసారి తీసుకోవచ్చు. ఆ మేరకు నెలసరి సొమ్ము తగ్గుతుంది. కనీసం అయిదేళ్లకోసారి ఇంటి విలువ మళ్లీ కట్టాలి. విలువ పెరిగి ఉంటే నెలసరి మొత్తం పెంచమని అడగొచ్చు. ఇలా వచ్చే డబ్బు అప్పే కాబట్టి ఆదాయపు పన్ను పడదు. అప్పు రాబట్టడానికి బ్యాంకు ఇల్లు అమ్మిన నాడు మాత్రం మూలధన లాభం మీద పన్ను లెక్క వస్తుంది.

పదిహేనేళ్లు గడిచాయి. ఆయనకు 85, ఆవిడకు 81. బ్యాంకు నుంచి డబ్బు ఆగిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని చాలామంది భయపడేది ఇక్కడే, కానీ అలా అనకూడదు. షరతులు తప్పనంత వరకు ఇద్దరిలో చివరివారు కన్నుమూసేదాకా ఆ ఇంట్లో ఉండవచ్చు. అయితే డబ్బు ఆగినా వడ్డీ ఆగదు. 48 లక్షల అప్పు మరో మూడేళ్లలో 66 లక్షల 70 వేల దాకా పెరుగుతుంది. ఆ మూడేళ్లలో ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు, పిల్లలకు మిగలాల్సిన దానిలో మాత్రం 18 లక్షలకు పైగా కరుగుతుంది. సంతకం చేసేముందు బ్యాంకును అడగాల్సింది నెలకెంత ఇస్తారని మాత్రమే కాదు. గడువు దాటాక అప్పు ఏటా ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మనాలి.

అప్పు పత్రాల్లో భార్య పేరు సహరుణగ్రహీతగా ఉండటం చాలా ముఖ్యం. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది కదా అని ఆయన ఒక్కరే సంతకం చేస్తే, ఆయన పోయిన నాడే అప్పు తీర్చాల్సిన గడువు వచ్చిపడుతుంది. ఇద్దరి పేర్లూ ఉంటే ఆవిడ జీవితాంతం అదే ఇంట్లో ఉంటుంది.

ఇద్దరూ పోయాక వ్యవహారం పిల్లల చేతికి వస్తుంది. పద్దెనిమిదో ఏడు చివరికి అప్పు 66.7 లక్షలు. ఇంటి విలువ ఏటా 4 శాతం చొప్పున పెరిగి ఉంటే ఇప్పుడది దాదాపు 1 కోటి 21 లక్షలు. అప్పు తీర్చి ఇల్లు ఉంచుకునే మొదటి అవకాశం వారసులదే. సొంత డబ్బు కట్టొచ్చు, లేదా తమ పేరు మీద వేరే అప్పు తెచ్చి కట్టొచ్చు. ఇల్లు అక్కర్లేదనుకుంటే అమ్మి బ్యాంకు బాకీ తీర్చి మిగతాది పంచుకోవచ్చు. ఈ ఉదాహరణలో పన్ను, ఖర్చులు పోకముందు 54 లక్షల దాకా మిగులుతుంది. వాళ్లు ఏదీ చేయకపోతే బ్యాంకే అమ్ముతుంది. అప్పుడైనా బాకీ పోను మిగిలింది వారసులకే ఇవ్వాలి.

ఆ పద్దెనిమిదేళ్లలో విలువ ఏమాత్రం పెరగక ఇల్లు 60 లక్షల దగ్గరే ఆగిపోతే? పాతబడిన అపార్ట్‌మెంట్ ఫ్లాటుకు, భూమిలో వాటా తక్కువ కాబట్టి, ఆ ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు బాకీ ఇంటి ధరను మించిపోతుంది. ఆ తేడాను పిల్లల జీతం నుంచో, వాళ్ల ఇతర ఆస్తుల నుంచో రాబట్టే హక్కు బ్యాంకుకు లేదు. దాని రాబడి ఆ ఇంటితోనే సరి. తల్లిదండ్రుల అప్పు తమ మెడకు చుట్టుకుంటుందని భయపడే పిల్లలు తెలుసుకోవాల్సిన విషయమిది. వాళ్లకు ఏమీ మిగలకపోవచ్చు గానీ ఎదురు కట్టాల్సింది ఉండదు.

వారసులను నిజంగా ఇబ్బంది పెట్టేది సమయం. ఇల్లు అమ్మి బాకీ తీర్చడానికి మార్గదర్శకాలు సూచించిన గడువు సుమారు రెండు నెలలు. 66.7 లక్షల మీద 11 శాతం అంటే ఒక్క నెల వడ్డీయే దాదాపు 61 వేలు. కర్మకాండలు ముగిసేలోపే మొదటి నెల గడిచిపోతుంది. తర్వాత మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. డాలస్‌లో ఉన్న కొడుకు రాలేకపోతే, అక్కడ కాన్సులేట్ ధ్రువీకరణతో పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అన్నాచెల్లెళ్ల మధ్య మాట కుదరకపోతే ఏ కొనుగోలుదారూ అడ్వాన్సు ఇవ్వడు. తల్లిదండ్రులు రిజిస్టర్డ్ వీలునామా రాసి, అప్పు సంగతి అందులో ప్రస్తావించి, ఎవరికేమిటో తేల్చి ఉంటే ఈ నెలల్లో చాలావరకు మిగులుతాయి.

స్వార్జితం కాబట్టి పిల్లల సమ్మతి చట్టప్రకారం అవసరం లేదు. అయినా సంతకానికి ముందే వాళ్లను కూర్చోబెట్టి ఈ లెక్క చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను. కారణం సెంటిమెంటు కాదు. నెలకు పదిన్నర వేలు కొడుకు, కూతురు కలిసి పంపితే పదిహేనేళ్లకు వాళ్లకయ్యే ఖర్చు 19 లక్షలు. అదే డబ్బు బ్యాంకు ఇస్తే ఇంటి మీద పడేది 48 లక్షలు. ఈ తేడా చూశాక పిల్లలే ముందుకు రావచ్చు. వాళ్లు ముందుకొచ్చినా, ఎవరినీ అడగకుండా బతకడమే కావాలని పెద్దవాళ్లు ఆ 29 లక్షల వడ్డీకి సిద్ధపడితే, ఆ ఇల్లు వాళ్ల కష్టార్జితం, ఆ నిర్ణయం పూర్తిగా వాళ్లది.

మధ్యలో మనసు మారినా దారి ఉంది. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు. ఎనిమిదో ఏడు చివర్లో తీర్చాలనుకుంటే, అప్పటిదాకా చేతికి వచ్చింది 10 లక్షలు, బాకీ 16 లక్షలు. పదో ఏట అది 23 లక్షలవుతుంది. పిల్లలు ఇల్లు నిలుపుకోవాలనుకుంటే మొదటి సగంలోనే కదలాలి. ఇక పత్రాలు పూర్తయ్యాక మూడు పనిదినాల్లోపు లావాదేవీని రద్దు చేసుకునే హక్కును కూడా మార్గదర్శకాలు ఇచ్చాయి. అప్పటికే డబ్బు చేతికొచ్చి ఉంటే ఆ మూడు రోజుల్లోనే తిరిగి కట్టాలి.

మనవాళ్లు తెలియక తప్పే షరతులు రెండున్నాయి. ఒకటి, ఏడాదికి మించి వరుసగా ఆ ఇంట్లో ఉండకపోతే బ్యాంకు అప్పును ముందే రాబట్టుకోవచ్చు. పురిటికి సాయంగా అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొస్తే ఫరవాలేదు. కొడుకు దగ్గరే ఉండిపోయినా, వృద్ధాశ్రమంలో చేరినా చిక్కే. రెండోది, అద్దె. ఖర్చులకు కలిసొస్తుందని మేడ మీద పోర్షను అద్దెకివ్వడం మన ఊళ్లలో మామూలు. ఇంట్లో కొంత భాగాన్ని అద్దెకివ్వడం కూడా అప్పును ముందే రాబట్టడానికి కారణం కావచ్చు. బ్యాంకు నుంచి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు. ఇంటిపన్ను, బీమా, మరమ్మతులు కూడా వాళ్ల బాధ్యతే. ఆ పదిన్నర వేలలోంచి వీటికి పక్కన పెట్టుకోవాల్సిందే.

బాకీ తీరిన నాడు వారసులు ఒరిజినల్ డాక్యుమెంట్లు, లింకు డాక్యుమెంట్లు అన్నీ లెక్కపెట్టి తీసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2023 డిసెంబరు 1 నుంచి, పూర్తిగా చెల్లించిన 30 రోజుల్లోపు బ్యాంకు వాటిని తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలి. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో తాకట్టు నమోదై ఉంటే దాన్ని తీయించి, కొత్త ఈసీలో అది పోయిందో లేదో చూసుకోవాలి. ఇల్లు తమ పేరు మీదికి మార్పించుకోవడం, కొనేవాడితో ఒప్పందం రాసుకోవడం ఆ తర్వాతి పనులు.