పప్పునూనెవారు కారంమర వారికి వ్రాసే ఉత్తరం



సరుకు తయారుచేయడం ఒక ఎత్తు, దానిని కొనేవారి ఇంటిదాకా చేర్చడం మరొక ఎత్తు. ఈ రెండో పనికి పొరుగు వ్యాపారి సాయం ఎలా అడగాలో, అడిగేటప్పుడు ఏమి చెప్పాలో ఈవేళ చూద్దాము. మాట గాలిలో పోకుండా ఒక ఉదాహరణ తీసికొందాము. గుంటూరు ప్రాంతపు ఒక పల్లెలో కొందరు మహిళలు సంఘంగా ఏర్పడి గానుగ పెట్టి నువ్వుల నూనె తీస్తున్నారనుకోండి. పక్క పట్నంలో ఒకాయనకు కారంమర ఉన్నది. ఆయన మిరపకాయలు కొని, తొడిమ తీయించి, కారం పట్టించి పొట్లాలు అమ్ముతాడు.

వీరిద్దరూ పోటీదారులు కారు. కోస్తా జిల్లాల్లో ఆవకాయకు చాలామంది పప్పునూనే వాడతారు గదా. అయిదు కిలోల ముక్కలకు సుమారు కిలో కారం, లీటరు పైచిలుకు నూనె పడతాయి. ఇంటింటికీ కొలత మారుతుందనుకోండి, అది వేరే సంగతి. మొత్తానికి ఏప్రిల్ చివరినుంచి మే నెలంతా ఒకే ఇల్లాలు ఈ ఇద్దరి దగ్గరా సరుకు కొనవలసిందే.

అయితే "మన ఖాతాదారులు ఒక్కటే" అని ఊరికే వ్రాస్తే ఆ మర యజమాని నమ్మడు, నమ్మకూడదు కూడా. ముందు లెక్క తీయాలి. జనవరిలో నూనె కొనడానికి వచ్చిన యాభైమందిని వరుసగా రెండు ప్రశ్నలు అడగండి. పోయిన వేసవిలో ఇంట్లో ఆవకాయ పెట్టారా? పెడితే కారం పొట్లం కొన్నారా, మిరపకాయలు కొని మరపట్టించారా? యాభైమందిలో 31 మంది ఆవకాయ పెట్టామన్నారనుకొందాము. అందులో 13 మంది కాయలు కొని పట్టించుకొనేవారు. అంటే పొట్లం కొనేవారు 18 మందే. ఉత్తరంలో వ్రాయవలసింది ఈ 18, పై 31 కాదు. కొందరు పెద్ద సంఖ్యే వేస్తారు. సీజను మధ్యలో సంగతి బయటపడి, ఎదుటివాడు చేతులు దులుపుకొంటాడు. ఆ పదముగ్గురినీ దాచనక్కరలేదు. వారికి మర కూలి తగ్గించి పట్టిస్తానని ఆయనే అనవచ్చు.

ఉత్తరం ఎప్పుడు వ్రాయాలి? ఏప్రిల్‌లో వ్రాస్తే పని జరగదు. కొత్త మిరప యార్డుకు రావడం మొదలయ్యే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వ్రాయాలి. అదనంగా రెండు వందల కిలోల కారం కావాలంటే ఆయన రెండు క్వింటాళ్లకు పైగా కాయలు ముందే కొని పెట్టుకోవాలి గదా!

ఇక ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అయ్యా, నమస్కారం. మేము గానుగ నువ్వుల నూనె తీసే సంఘం వారము. మా దగ్గర నూనె కొన్న యాభైమందిని అడిగితే 18 మంది ఆవకాయకు కారం పొట్లం కొంటామన్నారు. మీ కొట్టుకు వచ్చేవారిలో ఆవకాయకు పప్పునూనె వాడేవారు ఎందరో మీరూ ఒక వారం అడిగి చూడగోరుతాము. లెక్క కుదిరితే మే నెలలో పది రోజులు మామిడికాయల బజారులో ఇద్దరి సరుకూ ఒకేచోట అమ్ముదాము. అమ్మడానికి మా సభ్యులు ఇద్దరు వస్తారు. సరుకు చేర్చే బండి, కరపత్రాల అచ్చు మీరు చూడగలరా? ఎవరి సరుకు సొమ్ము వారిదే, ఖర్చు మాత్రం చెరిసగం. వచ్చే సోమవారం మీ మరకు వచ్చి మాట్లాడమంటే వస్తాము."

ఇంతే. ఇందులో సంఘం గొప్పలు లేవు. లాభాలు పంచుకొందామనే మాట కూడా లేదు, ఉండకూడదని నా అభిప్రాయం. లాభం పంచాలంటే ఒకరి పద్దు మరొకరు చూడాలి, నువ్వులు ఎంతకు కొన్నారు, కాయలు ఎంతకు కొన్నారు అనే తగవు వస్తుంది. ఖర్చు పంచుకోవడం సులువు.

అదైనా పని చేసేవారి కూలి లెక్కలో వేసుకోవాలి. ఆడవాళ్లు వచ్చి నిలబడితే అది ఖర్చే కాదన్నట్లు చాలాచోట్ల చూస్తారు. ఇద్దరు మనుషులు, పది రోజులు, రోజుకు 500 రూపాయల చొప్పున సంఘం వంతు 10,000 అయింది. మర యజమాని బండికి రోజుకు 500 చొప్పున 5,000, కరపత్రాలకు 4,000, వెరసి 9,000 పెట్టాడు. మొత్తం 19,000. చెరిసగం 9,500 గనుక ఆయన సంఘానికి 500 ఇస్తే సరిపోతుంది. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి కూలి, మీ ఊరి బాడుగ వేసి చూసుకోండి.

కొనేవారిని ఒకరి దగ్గరనుంచి మరొకరి దగ్గరకు పంపడానికి రెండు రంగుల చీట్లు వేయించాలి. నూనె సీసాతో పచ్చ చీటీ ఇస్తారు, అది చూపితే కారం కిలోకు పది రూపాయలు తగ్గుతుంది. కారం పొట్లంతో ఎర్ర చీటీ ఇస్తారు, దానికి నూనె లీటరుకు పది తగ్గుతుంది. ఆ పది రూపాయలు సరుకు అమ్మినవాడే భరించాలి, ఎందుకంటే కొత్త ఖాతాదారు దొరికింది ఆయనకే. వచ్చిన చీట్లు పారవేయక డబ్బాలో వేసి ఉంచితే ఎవరు ఎవరికి ఎంతమందిని పంపారో తేలుతుంది. ఖాతాదారుల ఫోను నంబర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకోవద్దు. నూనె కోసం ఇచ్చిన నంబరు అది, కారం కబురు కూడా నూనెవారే పంపాలి.

గిట్టుబాటు అయిందా లేదా ఎలా తెలుస్తుంది? లీటరుకు మిగులు 60 రూపాయలనుకోండి, చీటీ తగ్గింపు పోను 50. ఖర్చు వంతు 9,500 తిరిగి రావాలంటే 190 లీటర్లు అమ్మాలి. అవి అదనపు లీటర్లు కావాలి సుమా! పోయిన మేలో ఆ రోజుల్లోనే 200 లీటర్లు అమ్మి ఉంటే, ఈసారి 390 దాటితేనే మిగిలినట్లు. మొత్తం 300 అమ్మితే బజారు కళకళలాడినట్లే ఉంటుంది, కాని చేతి సొమ్ము పోయినట్లే. అందుచేత పాత బిల్లు పుస్తకం జాగ్రత్త చేయండి.

సరుకు ఎవరి సీలుతో వారిదే ఉండనివ్వాలి. పొట్లం మీద తయారుచేసినవారి పేరు, ఆహార భద్రతా లైసెన్సు నంబరు, తేదీ, బరువు, ధర ఉండాలి. నూనె, కారం ఒకే పెట్టెలో కట్టి ఒకే ధరకు అమ్మాలంటే ఆ పెట్టెకు వేరే చీటీ, దానిపై వేరే గరిష్ఠ ధర కావలసి వస్తుంది. మొదటి ఏడు ఆ జోలికి పోకుండా రెండు బిల్లులు ఇవ్వడమే మేలు.

చివరకు ఒక చిక్కు మిగిలింది. జూన్‌లో ఒకావిడ వచ్చి ఆవకాయ బూజు పట్టిందంటుంది. ముక్కకు తడి ఉన్నదో, ఉప్పు తగ్గిందో, నూనె పైకి తేలలేదో తెలియదు. నూనెవారు కారాన్ని, కారంవారు నూనెను అంటే ఇద్దరి పేరూ పోతుంది. అందుకే ప్రతి దఫా నూనెలో ఒక సీసా, కారంలో ఒక పొట్లం సీలు తీయకుండా ఆరునెలలు దాచాలని ముందే వ్రాసుకోవాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి దాచిన సరుకు తెరిచి చూస్తారు. నూనె వాసన మారితే సంఘం, కారం పురుగు పట్టినా తేమ కనిపించినా మర యజమాని సరుకు ఖరీదు తిరిగి ఇవ్వాలి. రెండూ బాగుంటే ఆవిడకు ఆ సంగతి ఇద్దరూ ఒకే మాటగా చెప్పాలి. జూన్ 15 లోగా చీట్లు లెక్కపెట్టి, ఖర్చు బాకీ తీర్చుకొని, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. వచ్చే జనవరిలో మళ్లీ ఉత్తరం వ్రాయాలా వద్దా అనేది ఆ కాగితం చూసి నిర్ణయించుకోవచ్చు.