సున్నా చాటున ఏముంది?

గత నెల సున్నా, ఈ నెల 20. నెలాఖరున బల్ల మీదికొచ్చిన కాగితంలో ప్రమాదాల రేటు ఇలా కనిపిస్తే ఏ ఫ్యాక్టరీ మేనేజరుకైనా గుండె గుభేలుమంటుంది. నిజానికి జరిగింది ఒక్క ప్రమాదమే.

లెక్క ఇలా ఉంటుంది. 250 మంది పనిచేసే మందుల ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 25 రోజులు పనిచేస్తే మొత్తం 50,000 పనిగంటలు. మెట్ల మీద జారిపడి ఒకరి మణికట్టు విరిగింది, మర్నాడు డ్యూటీకి రాలేకపోయారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం ఇలాంటి గాయాలను పది లక్షల పనిగంటలకు లెక్కగట్టాలి. ఒకటిని పది లక్షలతో గుణించి 50,000తో భాగిస్తే వచ్చేది 20. అమెరికా పద్ధతిలో లెక్కించేది రెండు లక్షల గంటలకు, అంటే వందమంది వారానికి 40 గంటల చొప్పున 50 వారాలు చేసే పనికి. అక్కడ ఇదే గాయం 4 అవుతుంది. విదేశీ కంపెనీ నివేదికను పక్కన పెట్టుకుని పోల్చేవాళ్లు ముందు ఈ తేడా చూసుకోవాలి.

ఇంత చిన్న ఫ్యాక్టరీలో నెలవారీ అంకె అయితే సున్నా, లేదంటే ఆకాశం. అందుకే అనుభవమున్న సేఫ్టీ ఆఫీసర్లు దాని పక్కనే గడిచిన పన్నెండు నెలల రేటు కూడా వేస్తారు. ఆరు లక్షల గంటల్లో మూడు గాయాలైతే రేటు 5. ఎటు పోతున్నామో కాస్తయినా చెప్పేది ఈ అంకే.

అంకెను అందంగా చూపించే ఉపాయాలకూ కొదవలేదు. చేతికి కట్టుతో ఉన్న మనిషిని మర్నాడు ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేస్తారు, పనిదినం పోనట్టే! మరో ఉపాయం ఇంకా అన్యాయం. కాంట్రాక్టు కార్మికుల గంటలన్నీ లెక్కలో కలుపుకుని, వాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం ‘మన మనిషి కాదు’ అంటారు. అందుకే గేటు రిజిస్టరు, మస్టరు, ఓటీ షీటు మూడూ కలిపి గంటలు తీయాలి. ఎవరి గంటలు లెక్కలో ఉన్నాయో వాళ్ల గాయాలూ ఉండాలి.

ఉపాయాలేవీ పన్నకపోయినా రేటు మోసం చేయగలదు. టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో 2004లో గాయాల రేటు ఆ ఫ్యాక్టరీ చరిత్రలోనే అతి తక్కువ. 2005 మార్చి 23న అక్కడ ఒక టవరు నిండి పొర్లి, మండే ద్రవం బ్లోడౌన్ డ్రమ్ము గొట్టంలోంచి ఎగజిమ్మింది. ఆవిరి అంటుకుని పేలింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. 1994 నుంచి 2004 దాకా అక్కడి బ్లోడౌన్ డ్రమ్ముల్లోంచి మండే ఆవిర్లు కనీసం ఎనిమిదిసార్లు బయటికొచ్చాయని దర్యాప్తులో తేలింది. జారిపడ్డవాళ్లను లెక్కపెట్టే అంకెలో ఆ ఆవిర్లకు చోటే లేదు.

వాటికి చోటుండేది నియర్ మిస్ రిజిస్టరులో, అంటే తృటిలో తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకంలో. మన ఉదాహరణ ఫ్యాక్టరీలోనే ఒక వరుస చూద్దాం: ‘బి షిఫ్టు, సాయంత్రం 5.40. గోడౌను మలుపు. ఫోర్క్‌లిఫ్ట్ రివర్సులో వస్తుంటే హెల్పరు పక్కకు దూకాడు. టోల్యూన్ డ్రమ్ము ఫోర్కు చివరిదాకా జారి ఆగింది. దెబ్బలు లేవు. రివర్స్ అలారం మోగలేదు.’ డ్రైవరును పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి, ‘జాగ్రత్త చెప్పాం’ అని రాసి వరుస మూసేయడం తేలిక. కానీ ఆ బండి రోజువారీ చెక్‌లిస్టు తిరగేస్తే అలారం గడిలో అన్ని రోజులూ ఒకే చేత్తో, ఒకే సిరాతో టిక్కులు కనిపిస్తాయి. బండిని ఎవరూ తనిఖీ చేయడం లేదన్నమాట. అప్పుడు వరుసలో చేరాల్సిన పనులు వేరు: అలారం బాగయ్యేదాకా బండి ఆపాలి, మలుపులో అద్దం బిగించాలి, నడిచేవాళ్లకు రెయిలింగు కట్టాలి. ఒక్కోదానికీ బాధ్యుడి పేరు, గడువు తేదీ ఉండాలి. పని పూర్తయ్యాక కళ్లారా చూసినవాళ్లే సంతకం పెట్టాలి.

గాయాల అంకె తగ్గితే సంతోషించవచ్చేమో గానీ, నియర్ మిస్‌ల అంకె తగ్గితే అనుమానించాలి. నెలకు 30 వరుసలు వచ్చేచోట హఠాత్తుగా నాలుగే వస్తే, ముందు నెలలో రాసినవాళ్లకు ఏమైందో కనుక్కోవాలి. ఎవరికో మెమో అంది ఉంటుంది. లేదా బోనసును ‘ప్రమాద రహిత నెల’తో ముడిపెట్టి ఉంటారు. అన్ని వరుసలూ పగటి షిఫ్టు నుంచే వస్తున్నా అంతే. రాత్రి షిఫ్టులో రాసేందుకు పుస్తకం అందుబాటులో లేదేమో, సూపర్‌వైజరు గదికి తాళం పడిందేమో వెళ్లి చూడాలి.