వార్తల్లో పదం: పిన్డ్ రిపాజిటరీ

గిట్‌హబ్‌లో ప్రోగ్రామర్ ప్రొఫైల్ తెరిస్తే పైన కనిపించేవి పిన్ చేసిన రిపాజిటరీలు. గరిష్ఠంగా 6 పెట్టుకోవచ్చు. ఆరూ నింపాలన్న నియమం లేదు. కోర్సులో అందరూ చేసే టు-డూ యాప్‌తో ఖాళీ నింపడం కంటే రెండు సొంత ప్రాజెక్టులు చాలు.

వీటిని రిక్రూటర్, ఇంజినీరు రెండు రకాలుగా చూస్తారు. బస్సు వేళలు చెప్పే యాప్ ఒకటి ఉందనుకుందాం. రిక్రూటర్ కోడ్ చదవరు. అది ఎవరికి పనికొస్తుందో, అందులో మీరు చేసిందేమిటో `README.md` మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. పక్కనే నడుస్తున్న యాప్ లింకు. ఆ లింకు పనిచేయకపోతే అసలు లేకపోవడమే మేలు.

ఇంజినీరు నేరుగా లోపలికి వెళతారు. టెక్ స్టాక్‌లో రెడిస్ లోగో పెట్టి, `package.json`లో దాని ఊసే లేకపోతే వెంటనే పట్టేస్తారు. లోగోల వరుస కంటే, వేళలు మాటిమాటికీ డేటాబేస్ నుంచి తెస్తే ఆలస్యమవుతోందని రెడిస్‌లో దాచాను అన్న ఒక్క వాక్యం ఇద్దరికీ బాగా అర్థమవుతుంది. తర్వాత కమిట్ చరిత్ర చూస్తారు. మొత్తం కోడ్ ఒకే కమిట్‌లో వచ్చిపడితే ఎక్కడిదన్న అనుమానం సహజం.

అదే చరిత్రలో పెద్ద ప్రమాదమూ ఉంది. పాస్‌వర్డులున్న `.env` ఫైలును పొరపాటున ఎక్కించి, మరో కమిట్‌లో తొలగించినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డులను రద్దుచేసి కొత్తవి తీసుకోవాలి; చరిత్రను శుభ్రం చేయడం ఆ తర్వాతి పని.