సగం పోయిన ఫోటోకి మిర్రర్ సగం అతికిస్తే.. తాతయ్య ముఖం ఎందుకు మారిపోతుంది?

గోడ మీద ఏళ్ల తరబడి వేలాడిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో. వానాకాలంలో గోడ చెమ్మగిల్లింది, ఫ్రేమ్ లోకి తేమ దిగింది. ఒకవైపు బూజు పట్టి, ఇంకాస్త అద్దానికి అతుక్కుపోయి తాతయ్య ముఖంలో సగం చెరిగిపోయింది. సంవత్సరీకానికి కొత్తగా పెద్ద సైజులో ప్రింట్ తీయించాలని మనవడు ఫోటో స్టూడియోకి తీసుకెళ్తాడు. సాయంత్రానికల్లా ఫోటో రెడీ. మచ్చ లేదు, మరక లేదు, నున్నగా మెరిసిపోతోంది. ఇంటికి తెచ్చి చూపిస్తే నానమ్మ ఒక్క క్షణం చూసి అంటుంది.. "బాగుందిరా, కానీ ఈయన మీ తాత కాదు."

చాలా ఇళ్లలో ఇలాంటి సీన్ జరిగే ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో స్టూడియోలో కుర్రాడికీ అర్థం కాదు, ఇంట్లో వాళ్లకీ అర్థం కాదు. ఎందుకంటే ఫోటోలో ఏ భాగమూ బయటి నుంచి తెచ్చింది కాదు. కన్ను ఆయనదే, చెంప ఆయనదే, మీసం ఆయనదే. మరి మనిషి ఎలా మారిపోయాడు?

షార్ట్ కట్ ఇదే..

పాత ఫోటోలు బాగుచేసే చోట ఎక్కువగా వాడే పద్ధతి చాలా సింపుల్. ఫోటోని స్కాన్ చేస్తారు. ఫోటోషాప్ లో బాగున్న సగాన్ని సెలెక్ట్ చేసి, దాన్ని కొత్త లేయర్ మీదకి కాపీ చేస్తారు. తర్వాత `Edit > Transform > Flip Horizontal` కొడతారు. అద్దంలో చూసినట్టు అటుది ఇటు తిరుగుతుంది. దాన్ని పాడైన సగం మీదకి జరిపి, ముక్కు మధ్య గీత దగ్గర కలిపి, అంచులను మెత్తటి బ్రష్ తో కలిపేస్తారు. పది నిమిషాల పని.

మనిషి ముఖం కుడి ఎడమలు ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీద ఈ పద్ధతి నడుస్తోంది. ఆ నమ్మకం దాదాపు నిజమే. ఆ 'దాదాపు' దగ్గరే మొత్తం తిరకాసు ఉంది.

మీ ఫోన్ లోనే ట్రై చేయొచ్చు. నిటారుగా కెమెరా వైపు చూస్తూ ఒక సెల్ఫీ తీసుకోండి. ముక్కు మధ్య నుంచి సగానికి క్రాప్ చేసి, దాన్ని ఫ్లిప్ చేసి ఇంకో కాపీగా సేవ్ చేయండి. రెండూ కొలాజ్ యాప్ లో పక్కపక్కన పెట్టండి. తర్వాత రెండో సగంతో కూడా అలాగే చేయండి. ఇప్పుడు మీ దగ్గర ఇద్దరు మనుషులు ఉంటారు. ఒకరి ముఖం కాస్త వెడల్పు, ఇంకొకరిది కాస్త సన్నం. అన్నదమ్ముల్లా ఉంటారు గానీ ఇద్దరిలో ఏ ఒక్కరూ పూర్తిగా మీరు కాదు.

20 శాతం లావైన తాతయ్య

ఇక మన తాతయ్య ఫోటోకి వద్దాం. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఫోటోలో కుడివైపు చెంప, కన్ను పోయాయి. అదృష్టం కొద్దీ ఆ పక్క దవడ అంచు, చెవి కొస మాత్రం లీలగా మిగిలాయి. స్కాన్ లో ఈ అంచు నుంచి ఆ అంచుకి ముఖం వెడల్పు 600 పిక్సెల్స్.

పాత స్టూడియో ఫోటోల్లో చాలామంది కెమెరాకి పూర్తిగా ఎదురుగా కూర్చోరు. ఫోటోగ్రాఫరే గడ్డం పట్టుకుని తల కాస్త పక్కకి తిప్పేవాడు. మన తాతయ్య తల కూడా ఫోటోలో కుడివైపుకి కొంచెం తిరిగి ఉంది. అందుకే ముక్కు దూలం 300 దగ్గర లేదు, ఎడమ అంచు నుంచి 360 దగ్గర ఉంది. అంటే మనకి దగ్గరగా ఉన్న సగం 360 పిక్సెల్స్, అటు తిరిగిపోయిన సగం 240 పిక్సెల్స్.

ఇప్పుడు బాగున్న సగాన్ని తిప్పి అతికించారు. 360 ప్లస్ 360.. మొత్తం 720. ముఖం ఉండాల్సిన దానికన్నా 120 పిక్సెల్స్, అంటే 20 శాతం వెడల్పైపోయింది. కోల ముఖం ఉన్న మనిషి గుండ్రటి ముఖంతో తయారయ్యాడు. ఒకవేళ దగ్గరి సగం పోయి, అవతలి సగం మిగిలి ఉంటే లెక్క తిరగబడేది. 240 ప్లస్ 240, మొత్తం 480. ఈసారి 20 శాతం సన్నం.

తల తిరక్కుండా నిటారుగా ఉన్న ఫోటోలోనూ ఈ చిక్కు వదలదు. మధ్య గీతని 12 పిక్సెల్స్ పక్కకి పెట్టారనుకోండి, ముఖం వెడల్పు 24 పిక్సెల్స్ మారుతుంది. ఎందుకంటే ఆ పొరపాటు కూడా ఫ్లిప్ అయి రెండోసారి వచ్చి చేరుతుంది.

కళ్లు చెప్పేస్తాయి

వెడల్పు సంగతి కొలిస్తే దొరుకుతుంది. కానీ చూసిన వెంటనే 'ఏదో తేడాగా ఉంది' అనిపించేది మాత్రం కళ్ల వల్లే.

తాతయ్య తల కుడికి తిరిగింది, చూపు మాత్రం కెమెరా వైపే ఉంది. అంటే కనుగుడ్లు రెండూ ఫోటోలో ఎడమవైపుకి జరిగి ఉండాలి. మిగిలిన కన్ను ఎడమది కాబట్టి అందులో నల్లగుడ్డు బయటి మూలకి దగ్గరగా ఉంది. దాన్ని తిప్పి అటు పెడితే? అక్కడ కూడా బయటి మూలకే పోతుంది. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు. జీవితంలో ఎప్పుడూ లేని మెల్ల ఫోటోలో వచ్చేసింది.

ఇంకో గుర్తు.. కంటిలో మెరిసే తెల్ల చుక్క. కిటికీ గానీ స్టూడియో లైటు గానీ కంటి మీద పడి వచ్చే మెరుపు అది. వెలుగు ఒకవైపు నుంచి వస్తే రెండు కళ్లలోనూ చుక్క ఒకేవైపు ఉండాలి. గడియారంలో పది అంకె ఉండే చోట ఒక కంటిలో ఉంటే, రెండో కంటిలోనూ పది దగ్గరే ఉండాలి. మిర్రర్ చేసిన ఫోటోలో ఒకటి పది దగ్గర, ఇంకొకటి రెండు దగ్గర కనిపిస్తాయి. వాట్సాప్ లో వచ్చిన ఏ ఫోటోనైనా జూమ్ చేసి ఇది చూడొచ్చు, పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు.

పక్కకి తిరిగిన ముఖాన్ని ఎదురు ముఖంగా మార్చే సాఫ్ట్ వేర్ మీద పనిచేసిన వాళ్లకీ ఇదే అడ్డొచ్చింది. 2015లో టాల్ హస్నర్ బృందం ప్రచురించిన పద్ధతిలో కనిపించని భాగాన్ని అవతలి సగం నుంచి తెచ్చి నింపుతారు. కళ్లను మాత్రం ఆ సిమెట్రీ నుంచి తప్పించారు.

నీడ మాయం.. పుట్టుమచ్చ డబుల్

వెలుగు ఎడమ నుంచి వస్తే కుడి చెంప మీద, ముక్కు పక్కన నీడ పడాలి. ఆ నీడే ముక్కు ఎంత ఎత్తుందో, చెంప ఎంత లోతుందో మనకి చెప్తుంది. వెలుగున్న సగాన్నే రెండుసార్లు వాడితే నీడ పోతుంది, ముఖం పలకలా చదునైపోతుంది.

చెంప మీద పుట్టుమచ్చ ఉంటే రెండు అవుతుంది. పక్క పాపిడి తీసే మనిషికి పాపిడే లేకుండా పోతుంది, లేదంటే రెండు పాపిళ్లు వస్తాయి. ఒకవైపే ముక్కుపుడక పెట్టుకున్న నానమ్మకి రెండు వైపులా వస్తుంది. అసలు రెండు వైపులా పెట్టుకునే వారు కూడా మన దగ్గర ఉన్నారు కాబట్టి ఇది ఊహించకుండా ఇంట్లో అడగాల్సిన విషయం. భుజాల దాకా ఫ్లిప్ చేస్తే చొక్కా జేబు కుడివైపుకీ, పమిట కుడి భుజం మీదకీ వెళ్తాయి.

వీటన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది నవ్వు. అందరి నవ్వూ రెండు వైపులా ఒకేలా లేవదు. 1978లో హెరాల్డ్ సాకీమ్, రూబెన్ గుర్, మార్సెల్ సాసీ సైన్స్ జర్నల్ లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ముఖంలో ఎడమ సగాన్ని రెండుసార్లు కలిపి ఒక ఫోటో, కుడి సగాన్ని రెండుసార్లు కలిపి ఇంకో ఫోటో చేసి జనానికి చూపించారు. ఎడమ సగాలతో చేసిన ముఖాల్లో భావం ఎక్కువ గాఢంగా ఉందని చూసినవాళ్లు చెప్పారు. అంటే ఏ సగం మిగిలిందన్న దాన్ని బట్టి మనిషి గంభీరంగానో, కాస్త ఎక్కువ నవ్వుతూనో తేలతాడు. మూతి ఒక పక్కకి పెట్టి నవ్వడమే తాతయ్య గుర్తు అయితే, ఆ గుర్తే చెరిగిపోయినట్టు.

మరి ఏం చేయాలి?

ముందు ఒక జాగ్రత్త. ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే పీకొద్దు. పీకితే మిగిలిన పొర కూడా అద్దంతో పాటు వచ్చేస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి.

తర్వాత పాడైన సగంలో ఏం మిగిలిందో వెతకాలి. దవడ అంచు, కనుబొమ్మ కొస, చెవి తమ్మె.. ఏ చిన్న ముక్క ఉన్నా అది అసలైన సాక్ష్యం. దాన్ని కప్పేయకూడదు. ఫ్లిప్ చేసిన లేయర్ ని 50 శాతం ఒపాసిటీలో పెడితే కింద మిగిలిన అంచులు కనిపిస్తాయి, వాటికి తగ్గట్టు కొత్త సగాన్ని సర్దాలి.

మన ఉదాహరణలో 360 పిక్సెల్స్ సగం 240లో పట్టాలి కాబట్టి వెడల్పుని 66.7 శాతానికి తగ్గించాలి. ఎత్తు మార్చకూడదు. అక్కడితో అయిపోదు. తిరిగిన తలలో చెంప అంచు ఎక్కువగా, ముక్కు పక్కన భాగం తక్కువగా కుదించుకుపోతుంది. అందుకని `Warp` తో బయటి వైపుని ఇంకాస్త లోపలికి నెట్టాలి. తల బాగా తిరిగి, ముక్కు అవతలి కంటి మూలని కప్పేసేంతగా ఉంటే మాత్రం ఈ సర్దుబాట్లు పనిచేయవు. అలాంటప్పుడు ఫ్లిప్ జోలికి పోకపోవడమే మంచిది.

కంటికి ఒక చిట్కా ఉంది. రెప్పలు, కంటి ఆకారం ఫ్లిప్ చేసిన సగం నుంచే తీసుకోవచ్చు. నల్లగుడ్డుని మాత్రం తిప్పకుండా, తెల్ల చుక్కతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టాలి. అప్పుడు చూపూ మెరుపూ రెండూ ఒకేవైపు ఉంటాయి. ఆ తర్వాత కుడి చెంపకి నీడ వేయాలి, పుట్టుమచ్చ తీసేయాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది ఇంకో ఫోటో. పెళ్లి గ్రూప్ ఫోటోలో వెనక వరుసలో నిలబడ్డ చిన్న ముఖమైనా సరే, రేషన్ కార్డు మీద అరిగిపోయిన బొమ్మైనా సరే. అందులోంచి పిక్సెల్స్ తీసుకోలేకపోయినా పాపిడి ఎటు, ఏ కనుబొమ్మ పైకి, మూతి ఏ పక్కకి అన్నవి తెలుస్తాయి. అయితే ఆ ఫోటోనే ఎవరైనా తిప్పి ప్రింట్ చేశారేమో జేబు, పమిట చూసి నిర్ధారించుకోవాలి.

ప్రింట్ కి ఇచ్చే ముందు ఇంట్లో ఎవరికి చూపించాలన్నదీ ముఖ్యమే. మనవడు తాతయ్యని చూసింది ఎక్కువగా ఈ ఫోటోలోనే. నానమ్మ చూసింది మనిషిని. "బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "ఎక్కడ తేడాగా ఉంది?" అని అడిగితే ఆమె వేలు పెట్టి చూపిస్తుంది.. ఈ చెంప ఇంత ఉండదు, ఈ కన్ను కాస్త చిన్నది అని. స్టూడియోలో లేయర్లు కలిపేయకుండా `.psd` ఫైల్ ఉంచమని, అసలు స్కాన్ ని కూడా విడిగా ఇవ్వమని అడగండి. రేపు ఏ చుట్టాల బీరువాలోనో తాతయ్య రెండో చెంప కనిపించే ఫోటో దొరికితే, మిర్రర్ చేసిన సగాన్ని తీసేసి అసలు సగంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.