పన్నెండు వోల్టుల పెట్టెలో వేడి లెక్క

డాబా మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే పెట్టెను సొంతంగా చేసుకునేవాళ్లు సాధారణంగా వాడేది ఈఎస్‌పీ32 బోర్డు. దానికి తోడు ఒక రిలే, 12 వోల్టుల అడాప్టరో బ్యాటరీయో ఉంటాయి. రిలేకు 12 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 చిప్‌కు మాత్రం 3.3 వోల్టులు చాలు, 3.6 దాటితే ఓర్చుకోదు. ఈ రెండింటి మధ్య వోల్టేజిని దించే భాగాన్నే రెగ్యులేటర్ అంటారు. పెట్టె రాత్రిళ్లు బాగా పనిచేసి మిట్టమధ్యాహ్నం మాత్రం మొండికేస్తుంటే, ప్రోగ్రాములో తప్పులు వెతకడానికి ముందు ఈ చిన్న భాగం మీద చెయ్యి పెట్టి చూడాలి.

చాలా ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఏఎంఎస్1117 అనే రెగ్యులేటర్ ఉంటుంది. మూడు కాళ్లు, వెనకాల వెడల్పాటి లోహపు రెక్క ఉన్న నల్లటి చిన్న ముక్క అది. 15 వోల్టుల వరకు ఇవ్వవచ్చని దాని డేటాషీట్ చెబుతుంది. అది చదివి 12 వోల్టులను నేరుగా బోర్డు మీది విన్ పిన్నుకు కలిపేస్తారు. బోర్డు వెలుగుతుంది, వైఫై కలుస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. కానీ ఆ 15 అనే అంకె వోల్టేజి గురించి చెప్పేదే. అంత వోల్టేజి దగ్గర ఆ చిప్ ఎంత వేడిని భరించగలదో అది చెప్పదు. మనకు కావలసింది ఆ రెండో లెక్క.

ఏఎంఎస్1117 లీనియర్ రెగ్యులేటర్. దాని లోపల ఒక ట్రాన్సిస్టర్ అవసరాన్ని బట్టి తన అడ్డును పెంచుకుంటూ తగ్గించుకుంటూ బయటి వోల్టేజిని 3.3 దగ్గర నిలబెడుతుంది. లోపలికి ఎంత కరెంటు వస్తే దాదాపు అంతే బయటికి పోతుంది. మిగిలిన 8.7 వోల్టులు ఆ ట్రాన్సిస్టర్ మీదే పడి పూర్తిగా వేడిగా మారతాయి. వైఫై వింటూ కూర్చున్నప్పుడు ఈఎస్‌పీ32 సుమారు 100 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. సందేశం పంపే క్షణాల్లో అది 240 వరకు వెళుతుంది. సెన్సరు, దీపాలు కలుపుకొని సగటున 150 అనుకుందాం.

(12 − 3.3) × 0.15 = 1.3 వాట్లు

ఒకటిన్నర వాట్లు కూడా లేవు కదా అనిపిస్తుంది. అయితే ఆ వేడి పుట్టేది వేలిగోరంత కూడా లేని ముక్కలో. ఒక్కో వాట్‌కు చిప్ లోపలి ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో తయారీదారులు డేటాషీట్‌లో రాస్తారు. దాన్ని ఉష్ణ నిరోధం అంటారు. ఏఎంఎస్1117కు, అదనపు రాగిపూత ఆసరా లేకపోతే, అది వాట్‌కు దాదాపు 90 డిగ్రీలు. 1.3 వాట్లకు 117 డిగ్రీలు పెరుగుతుందన్నమాట. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చూసినా లోపల 142. ఆ చిప్ లోపలి భాగం దాటకూడని హద్దు 125.

ఇక మన ఎండలకు వద్దాం. మే నెలలో రామగుండం వైపు నీడలోనే 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఎండ తగిలే డాబా మీద, మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టెలో గాలి 55 డిగ్రీలకు చేరడం తేలిక. అప్పుడు 125 దాటకుండా పెరగడానికి మిగిలింది 70 డిగ్రీలే. 70ని 90తో భాగిస్తే 0.78 వాట్లు, దాన్ని 8.7తో భాగిస్తే సుమారు 90 మిల్లీయాంపియర్లు. అంటే ఆ వేసవి మధ్యాహ్నం ఆ రెగ్యులేటర్ వైఫై వినడానికి కావలసిన కరెంటును కూడా నిలకడగా ఇవ్వలేదు. బ్యాటరీ చార్జింగులో ఉండి 14.4 వోల్టులకు చేరితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. బోర్డు మీద రెక్క కింద వెడల్పాటి రాగిపూత వదిలితే ఆ 90ని 50, 60కి దించవచ్చు. కొన్న బోర్డులో ఆ వీలు మన చేతిలో ఉండదు.

హద్దు దాటగానే చిప్ సాధారణంగా కాలిపోదు. లోపలి రక్షణ ఏర్పాటు దాన్ని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. బోర్డు ఆగి లేచి, ఆగి లేచి నడుస్తుంది. కంప్యూటరుకు కలిపి చూస్తే తెర మీద ఈ మాట కనిపించవచ్చు:

```
Brownout detector was triggered
```

సరఫరా వోల్టేజి పడిపోయిందని దీని అర్థం. ఎందుకు పడిందో మాత్రం చెప్పదు. అది తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మోటారు వైపు 230 వోల్టుల తీగలను పూర్తిగా విడదీసి, మూత తీసి, బోర్డు మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాలి. రీసెట్లు ఆగిపోతే కారణం వేడి. చల్లగా ఉన్నప్పుడే, వైఫై కలిసే క్షణంలోనే రీసెట్ అవుతుంటే వేడిని అనుమానించనక్కర్లేదు. సన్నటి తీగో, చాలని కెపాసిటరో ఆ క్షణం కావలసిన కరెంటును అందించలేకపోతోంది. ఈ తేడా తెలియక వేడి సమస్యకు కెపాసిటర్లు, కెపాసిటర్ సమస్యకు హీట్‌సింకులు తగిలించేవాళ్లు ఎంతోమంది.

బక్ కన్వర్టర్ చేసే పని వేరు. దానిలోని ట్రాన్సిస్టర్ అడ్డుగా నిలబడదు. స్విచ్చులా పూర్తిగా తెరుచుకుంటుంది, పూర్తిగా మూసుకుంటుంది. బజారులో దొరికే ఎల్‌ఎం2596 చిప్ ఈ పనిని సెకనుకు 1,50,000 సార్లు చేస్తుంది. స్విచ్చు కలిసి ఉన్నంతసేపు 12 వోల్టులు ఒక కాయిల్ గుండా పోతూ దానిలో కొంత శక్తిని నిలవ చేస్తాయి. స్విచ్చు విడిపోగానే కాయిల్ ఆ శక్తిని డయోడ్ దారిలో బోర్డుకే పంపుతుంది. స్విచ్చు కలిసి ఉన్న కాలం వాటా ఎంతో, సుమారుగా బయటి వోల్టేజి వాటా అంత.

3.3ను 12తో భాగిస్తే 27.5 శాతం. లీనియర్ రెగ్యులేటర్‌లో బోర్డుకు చేరే శక్తి వాటా ఇదే, మిగిలిన 72.5 శాతం వేడి. బక్‌లో స్విచ్చు కలిసి ఉండే కాలం వాటా కూడా సుమారుగా ఇదే. మిగిలిన కాలంలో అది అడాప్టరు నుంచి ఏమీ లాగదు. ఒకే భాగహారం ఒక చోట నష్టాన్ని, మరో చోట విరామాన్ని చెబుతోంది. రెండు పద్ధతుల తేడా అంతా ఇక్కడే ఉంది.

అయితే బక్‌లో నష్టం లేకపోలేదు. డయోడ్ మీద కొంత, స్విచ్చు కలిసే విడిపోయే క్షణాల్లో కొంత, కాయిల్ తీగలో కొంత పోతుంది. 80 శాతం సామర్థ్యం అనుకుంటే, 0.495 వాట్ల అవసరానికి లోపలికి 0.62 వాట్లు తీసుకుంటుంది. వేడిగా పోయేది 0.12 వాట్లు, అంటే లీనియర్‌లో పోయేదానిలో పదో వంతు. అడాప్టరు నుంచి లాగే కరెంటు 150 నుంచి 52 మిల్లీయాంపియర్లకు తగ్గుతుంది. 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని, దాని ఆయుష్షు కోసం సగం వరకే వాడుకుంటే, లీనియర్‌తో 23 గంటలు నడిచే పెట్టె బక్‌తో 67 గంటలు నడుస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్లో ఇది చిన్న తేడా కాదు.

అలాగని ప్రతి బోర్డుకూ బక్ తగిలించాలని నేను అనను. ఫోన్ చార్జరు ఇచ్చే 5 వోల్టులతో అదే బోర్డును నడిపితే ఏఎంఎస్1117 మీద పడేది 1.7 వోల్టులే. వేడి పావు వాట్, ఉష్ణోగ్రత పెరుగుదల 23 డిగ్రీలు. 55 డిగ్రీల పెట్టెలో కూడా 78 దగ్గర హాయిగా ఉంటుంది. అక్కడ లీనియరే సరైనది. చవక, నిశ్శబ్దం, పక్కన రెండు కెపాసిటర్లు చాలు.

నిశ్శబ్దం అనడానికి కారణముంది. బక్ ఇచ్చే వోల్టేజి మీద దాని స్విచ్చు వేగంతోనే చిన్న అలలు ఉంటాయి. వాటి ఎత్తు పదుల మిల్లీవోల్టుల్లో ఉండవచ్చు. నీటి మట్టాన్ని వోల్టేజిగా కొలిచే సెన్సరు ఉంటే ఆ అలలు కొలతలోకి చొరబడి అంకెలు నిలకడగా ఉండవు. అందుకే 12 వోల్టులను బక్‌తో 5 వోల్టులకు దించి, ఆ 5ను విన్ పిన్నుకు ఇచ్చి, అక్కడినుంచి 3.3 వరకు బోర్డు మీది లీనియర్‌కే వదిలేయడం మంచి దారి. పెద్ద దిగుడు బక్‌ది, చిన్న దిగుడు లీనియర్‌ది. అడాప్టరు నుంచి 78 మిల్లీయాంపియర్లు పోతాయి. 52 కంటే ఎక్కువే, 150లో మాత్రం సగం. లీనియర్ ఆ వేగపు అలలను పూర్తిగా మింగేస్తుందని అనుకోకూడదు. నెమ్మది అలలను అది బాగా అణచగలదు గాని, సెకనుకు లక్షన్నర సార్లు వచ్చేవి చాలావరకు దాటిపోతాయి. అంకెలు ఇంకా ఊగుతుంటే రెంటికీ మధ్య ఒక చిన్న కాయిల్, కెపాసిటర్ చేర్చాలి.

బక్ మాడ్యూల్ కొన్నాక ఒక జాగ్రత్త తప్పనిసరి. దాని మీద స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న పొటెన్షియోమీటర్ ఉంటుంది. అది ఎక్కడ ఆగి ఉందో మనకు తెలియదు. బోర్డు కలపకముందే మల్టీమీటరు పెట్టి సరిగ్గా 5 వోల్టులకు తిప్పాలి. తిప్పాక కదలకుండా ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయాలి. ఎప్పుడైనా ఆ పొటెన్షియోమీటర్ లోపలి సంబంధం ఊడితే ఈ మాడ్యూళ్లలో బయటి వోల్టేజి లోపలి వోల్టేజి దగ్గరికి ఎగబాకుతుంది. అలాంటి ప్రమాదం వద్దనుకుంటే 5 వోల్టులకే బిగించి చేసిన మాడ్యూల్ కొనడం మేలు.

ఇక నెలల తరబడి నిద్రపోతూ గంటకోసారి లేచే బ్యాటరీ సెన్సరు ఉందనుకోండి. అక్కడ వేడి అసలు సమస్యే కాదు. గాఢనిద్రలో ఈఎస్‌పీ32 చిప్ తాగేది పది మైక్రోయాంపియర్ల పరిధిలో ఉంటే, ఏఎంఎస్1117 గాని, ఎల్‌ఎం2596 గాని తమ కోసమే 5 మిల్లీయాంపియర్ల దాకా తాగుతాయి. అక్కడ డేటాషీట్‌లో ముందుగా చూడవలసింది ఆ సొంత ఖర్చునే.

ట్యాంకు పెట్టె విషయంలో నా తీర్పు ఇది. రెగ్యులేటర్ మీద వేడి అర వాట్ లోపు ఉంటే లీనియర్, దాటితే ముందు బక్. పెట్టె గోడకు బిగించే ముందు మూత వేసి, వైఫై నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టి చూడండి. అక్కడ నిలబడితేనే మోటారు తీగలు కలపండి.